కన్ను ఒక్కటే చాలదు, చెయ్యి కూడా కావాలి

షుగరు ఉన్నవాళ్లు రోజూ పాదాలు ఎట్లా చూసుకోవాలి, పుండు పడకముందే దాన్ని ఎట్లా పసిగట్టాలి అన్నది ఈ పూట మాట్లాడుకుందాం. మఠంపల్లి, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి వింటున్నవాళ్లను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాను. సాగర్ ఎడమ కాలువ కింద వరి మడుల్లో బురద ఉంటుంది. గట్ల మీద తుమ్మముళ్లు, పల్లేరుకాయలు ఉంటాయి. ఇంటి పని జరిగే చోట తడి సిమెంటు ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం గుడి ముందు బండలు కాలిపోతుంటాయి. వీటన్నిటి మీదా మన కాలు పడుతుంది, చాలాసార్లు చెప్పు లేకుండానే పడుతుంది. పాదంలో స్పర్శ ఉన్నవాడు ముల్లు గుచ్చుకోగానే అబ్బా అంటాడు, కాలు తీస్తాడు. స్పర్శ తగ్గినవాడు ఆ ముల్లుతోనే సాయంత్రం దాకా నడుస్తాడు. అందుకే రోజూ పాదాలు చూసుకోమని డాక్టర్లు చెబుతారు. నేను దానికి ఇంకో మాట చేర్చాలనుకుంటున్నాను. చూడటం ఒక్కటే సరిపోదు. చూడాలి, తాకాలి, తేడా తెలిసిన రోజే ఆ కాలి మీద నడక ఆపాలి. చూడాలి, తాకాలి, ఆపాలి. ఈ మూడూ గుర్తుంటే చాలు, మిగతాది వినగా వినగా అర్థమవుతుంది.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. "నా కాళ్లు బాగానే ఉన్నాయి, నొప్పేమీ లేదు" అంటారు చాలామంది. నొప్పి లేకపోవడం ఆరోగ్యానికి గుర్తు అనుకోవడం సహజమే. కానీ షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నప్పుడు ముందు దెబ్బతినేవి పాదాల నరాలు. మొదట్లో కొందరికి తిమ్మిర్లు, రాత్రిళ్లు అరికాళ్లలో మంటలు వస్తాయి. కొందరికి అవి కూడా రావు, చప్పుడు లేకుండా స్పర్శ తగ్గిపోతుంది. మంటలు తగ్గాయని సంతోషించేవాళ్లలో కొందరికి నిజానికి తగ్గింది మంట కాదు, స్పర్శ. మీకు స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకునే పద్ధతి ఒకటుంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ అనే ఊరి డాక్టర్లు దీన్ని పరీక్షించి చెప్పారు. షుగరు ఉన్న మనిషి కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఇంట్లోవాళ్లు ఎవరైనా చూపుడు వేలి కొసతో ఆ మనిషి బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు, ఈ మూడింటి కొసలనూ ఒక్కొక్కటిగా, రెండు కాళ్లకూ, ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకాలి. నొక్కకూడదు, గిల్లకూడదు, రుద్దకూడదు. తాకినప్పుడల్లా ఆ మనిషి ఏ కాలో చెప్పాలి. ఆరు చోట్లలో రెండు, అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే లెక్క. అట్లాంటివాళ్లకు నొప్పి ఇక కాపలా కాయదు. ఆ పని కన్నూ చెయ్యీ చేయాలి.

ఈ మాట డాక్టర్లకు నేర్పిన అనుభవంలో ఒక పెద్ద భాగం మన దక్షిణాదిదే. పాల్ బ్రాండ్ అనే సర్జను తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టారు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరి, అక్కడ కుష్ఠు రోగులకు వైద్యం చేశారు. కుష్ఠు వల్ల వేళ్లు వాటంతటవే రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. బ్రాండ్ ఓపికగా గమనించి, వేళ్లను తినేస్తున్నది రోగం కాదనీ, స్పర్శ లేని చెయ్యీ కాలూ రోజూ తగిలించుకునే దెబ్బలనీ చెప్పారు. కాలిన గాయాలు, గుచ్చుకున్న మేకులు మాత్రమే కాదు, రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినా తెలియక పోగొట్టుకున్న వేళ్లు కూడా ఉన్నాయి. ఇది పాతకాలపు సంగతి కాదు సుమా. షుగరు వల్ల స్పర్శ పోయిన పాదాలను ఎలుకలు కొరికిన కేసులను మన దేశపు డాక్టర్లు ఈ మధ్యకాలంలో కూడా వైద్య పత్రికల్లో రాశారు. ధాన్యం బస్తాలున్న ఇంట్లో నేల మీద పడుకునేవాళ్లు ఈ మాట మరచిపోవద్దు. బ్రాండ్ తర్వాత అమెరికా వెళ్లి, 1966 నుంచి లూసియానాలోని కార్విల్ ఆస్పత్రిలో పనిచేశారు. అక్కడ ఆయన మరో సంగతి తేల్చారు. అరికాలి పుండ్లలో చాలా వాటికి ఒక పెద్ద దెబ్బంటూ ఉండదు. ఒకే చోట, మామూలు బరువే, అడుగు తర్వాత అడుగు వేలసార్లు పడటం వల్ల అక్కడి కండ లోపల వాస్తుంది, వేడెక్కుతుంది, అప్పటికీ నడక ఆగకపోతే చితికి పుండవుతుంది. ఇనుప తీగను ఒకే చోట అటూ ఇటూ వంచుతూ ఉంటే ముందు వేడెక్కి తర్వాత తెగినట్టే. మనకు పనికొచ్చేది ఇందులో ఒక్క మాట: చర్మం తెగకముందు వేడి వస్తుంది. పుండు కంటికి కనబడకముందు చేతికి తెలుస్తుంది.

దీనికి పరీక్ష కూడా జరిగింది. అమెరికాలో లావరీ అనే డాక్టరు బృందం 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. అంతకుముందు ఒకసారి కాలికి పుండు పడి మానిన షుగరు రోగులను మూడు గుంపులు చేశారు. అందరికీ మంచి చెప్పులు, సలహాలు ఇచ్చారు. రెండో గుంపువాళ్లను రోజుకు రెండుసార్లు అద్దం పెట్టుకుని పాదాలు చూసుకోమన్నారు. మూడో గుంపుకు థర్మామీటరు ఇచ్చి, రెండు పాదాల మీదా ఒకే చోట వేడి కొలుచుకోమన్నారు. తేడా నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే నడక తగ్గించి, నర్సుకు ఫోన్ చేయమన్నారు. ఏడాది పైన మూడు నెలలు గడిచాక చూస్తే, మొదటి గుంపులో వంద మందికి దాదాపు ముప్ఫై మందికి మళ్లీ పుండు పడింది. అద్దంలో చూసుకున్న గుంపులో కూడా దాదాపు ముప్ఫై మందికే పడింది. థర్మామీటరు గుంపులో వంద మందికి తొమ్మిది మందికి కూడా పడలేదు. ఇది విని "అయితే పాదాలు చూసుకోవడం దండగేనా?" అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే అది. దండగ అని నేను అనను. ముల్లు, కోసుకుపోయిన గాయం, వేలి సందులో చెడిన చర్మం, కాలిన బొబ్బ, ఇవి కంటికే తెలుస్తాయి, వేడి చూస్తే తెలియవు. కానీ అరికాలి లోపల నలుగుతున్న కండ సంగతి కంటికి అందదు. అందినా, చూసినవాడు ఏం చేయాలో తెలియక అట్లాగే నడిస్తే ఉపయోగం లేదు. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో ఇట్లాంటిదే ఇంకో పెద్ద పరిశోధన జరిగింది. అందులో వేడి కొలుచుకున్న గుంపంతటికీ కలిపి చూస్తే గట్టి లాభం తేలలేదు. వేడి తగలగానే నిజంగా నడక తగ్గించుకున్నవాళ్లకు మాత్రం పుండ్లు తగ్గాయి. కాబట్టి థర్మామీటరులో మాయ ఏమీ లేదు. తెలిసిన రోజున ఆగడంలో ఉంది.

ఇప్పుడు పద్ధతిలోకి వద్దాం. దీనికి సాయంత్రం మంచిది, పొలం నుంచో పని నుంచో వచ్చాక. ఉదయం చూసుకుంటే ఆ రోజు తగిలిన దెబ్బ రాత్రంతా అట్లాగే ఉండిపోతుంది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, వేడిగా కాదు. నీళ్ల వేడి కాలితో చూడొద్దు, మోచేతితో చూడండి లేదా ఇంకొకరిని చూడమనండి. కాళ్లు కడిగాక మెత్తటి బట్టతో ఒత్తండి. ప్రతి వేలి సందూ విడదీసి తడి తుడవండి. తర్వాత పది పదిహేను నిమిషాలు నీడలో ఊరికే కూర్చోండి, రెండు కాళ్ల వేడీ సమానంగా సర్దుకోవాలి. ఆ తర్వాత లైటు కింద మొదలుపెట్టండి. అరికాలు, మడమ అంచులు, వేళ్ల కొసలు, వేళ్ల పైభాగం, ప్రతి సందు, గోళ్ల మూలలు, చీలమండ బయటి ఎముక. ఆ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. బాసింపట్టు వేసుకుని నేల మీద ఎక్కువసేపు కూర్చునేవాళ్లకు చీలమండ ఎముక నేలకు ఒరుసుకుంటుంది, అక్కడ చర్మం నల్లగా, మందంగా అవుతుంది, కొన్నాళ్లకు పగులుతుంది. ఆడవాళ్లయితే మెట్టెలు పైకి జరిపి కింద చర్మం చూడాలి. బిగుతు మెట్టె స్పర్శ లేని వేలిలోకి దిగిపోయినా తెలియదు. మెట్టెలు తీయమనడం నా ఉద్దేశం కాదు, అది ఇంట్లో ఎంత పెద్ద మాటో తెలుసు. వేలి మీద తేలిగ్గా తిరిగేంత వదులుగా ఉంటే చాలు. వంగలేనివాళ్లు నేల మీద అద్దం పెట్టుకుని దాని మీదుగా కాలు ఆడించండి. చూపు మందగించినవాళ్లు మాత్రం అద్దాన్ని నమ్ముకోవద్దు. షుగరు కంటిని కూడా దెబ్బతీస్తుంది కదా. మనవడినో కోడలినో చూడమనండి. పెద్దవాళ్లు కాలు చూడమని అడగడానికి మొహమాటపడతారు. వాళ్లు అడగకముందే ఇంట్లోవాళ్లు చూడటానికి కూర్చుంటే ఆ మొహమాటం ఉండదు.

చూసేటప్పుడు ఏం వెతకాలి? "ఎర్రగా ఉందా చూడండి" అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాట తెల్లతోలు మనుషులకు సరిపోతుంది. మన చామనఛాయ మీద, నల్లటి ఒంటి మీద ఎరుపు ఎరుపుగా కనబడదు. చుట్టుపక్కల చర్మం కన్నా ఇంకాస్త నల్లగా, వంకాయ రంగులో కనబడుతుంది, లేదా చర్మం బిగిసి మెరుస్తుంది. ఎరుపు కోసం వెతికితే దొరకదు. తేడా కోసం వెతకండి. నిన్న లేనిది ఈ రోజు ఏముంది, కుడి కాలికి లేనిది ఎడమ కాలికి ఏముంది, అని. నాట్ల రోజుల్లో వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, ఊడొచ్చేట్టు మెత్తబడుతుంది. సూక్ష్మజీవులు లోపలికి దూరే దారుల్లో అది ముఖ్యమైనది. కొబ్బరినూనె మడమలకు రాయండి, పగుళ్లకు మంచిదే. వేళ్ల సందుల్లో మాత్రం రాయొద్దు, ఆ చోటు పొడిగా ఉండాలి.

తర్వాత చెయ్యి. అరచేతి వెనకభాగంతో తాకండి, వేడి అక్కడ బాగా తెలుస్తుంది. ఒక కాలి బొటనవేలి కింద తాకి, వెంటనే రెండో కాలికి అదే చోట తాకండి. అట్లాగే చిటికెన వేలి కింద, మడమ, వేళ్ల కొసలు. ఒకే చోటు, రెండు కాళ్లు. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లకు చేతుల్లో కూడా స్పర్శ తగ్గవచ్చు, అప్పుడు ఇంట్లోవాళ్ల చెయ్యి కావాలి. చెయ్యి థర్మామీటరంత కచ్చితంగా ఉండదు, ఆ సంగతి ఒప్పుకోవాల్సిందే. చిన్న తేడాలు దానికి అందవు. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు ఇంట్లో మూలపడి ఉంటే తీయండి. అందులో వస్తువుల వేడి కొలిచే సర్ఫేస్ మోడ్ ఉంటే అది పనికొస్తుంది. జ్వరం చూసే మోడ్ పాదానికి పనికిరాదు. రెండు కాళ్లకూ ఒకే చోట తేడా నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా ఎక్కువ ఉండి, మర్నాడు కూడా అట్లాగే ఉంటే అక్కడ లోపల ఏదో జరుగుతున్నట్టే. చేతికే స్పష్టంగా తెలిసేంత వేడి ఉంటే మాత్రం మర్నాటి దాకా ఆగకండి.

ఒక రైతును ఊహించుకుందాం. వయసు యాభై అయిదు, షుగరు వచ్చి పన్నెండేళ్లు. ఎడమ కాలి బొటనవేలి కింద ఆనెకాయ ఉంది, ఎప్పటినుంచో ఉన్నదే. సోమవారం సాయంత్రం తాకి చూస్తే ఆనె ఉన్న చోటు రెండో కాలి కన్నా వెచ్చగా ఉంది. చూడటానికి కొత్తగా ఏమీ లేదు. ఆయన పట్టించుకోకుండా పొలానికి వెళుతున్నాడనుకోండి. బుధవారానికి ఆనె మధ్యలో సిరా చుక్కంత నల్లటి మచ్చ కనబడుతుంది. అది మట్టి కాదు, కడిగినా పోదు. గట్టిపడిన తోలు కింద కారి గడ్డకట్టిన నెత్తురు. అంటే లోపల పుండు మొదలైంది, పైన ఆనె దానికి మూతలా ఉంది. శుక్రవారానికి ఆనె అంచు మెత్తబడి, చెప్పు మీద తడి మరక పడుతుంది. ఆదివారానికి వాసన. ఇన్ని రోజుల్లో ఆయనకు నొప్పి ఒక్కసారీ రాలేదు. సోమవారమే ఆగితే ఏమయ్యేది? ఆ కాలి మీద నిలబడటం, నడవటం తగ్గించేవాడు. మంగళవారం దవాఖానకు వెళ్లేవాడు. శిక్షణ ఉన్నవాళ్లు ఆనెను పలచగా చెక్కి, ఒత్తిడి తగ్గేట్టు మెత్తటి రబ్బరు అట్ట ఉన్న చెప్పు సూచించేవారు. వేడి తగ్గి రెండు కాళ్లూ సమానం అయ్యేదాకా నడక తగ్గించి ఉండేవాడు. రోజులు గడిచే కొద్దీ వైద్యం ఎంత బరువెక్కుతుందో చూడండి. సోమవారం అది కాస్త విశ్రాంతి. ఆదివారానికి అది ఆపరేషన్ థియేటరు.

"నాట్ల సమయంలో కాలు కింద పెట్టొద్దంటే ఎట్లా?" అని మీరు అంటారు. ఈ అభ్యంతరం నిజమైనది, దీనికి తేలిక జవాబు నా దగ్గర లేదు. కూలికి వెళ్లకపోతే ఆ రోజు డబ్బు ఉండదు. అయినా ఆగడమంటే మంచం పట్టడమే కానక్కర్లేదు. మడిలోకి దిగే పని వదిలి నారు కట్టలు కట్టే పనో, కూర్చుని చేసే ఇంకో పనో చేయవచ్చు. మోటారు దగ్గరికి నాలుగుసార్లు నడిచే బదులు ఒకసారి బండి మీద వెళ్లవచ్చు. చేతికర్ర రెండో పక్క పట్టుకోవచ్చు. వేడిగా ఉన్న ఆ చోటు మీద పడే అడుగులు తగ్గాలి, అంతే. బురదలో దిగక తప్పనివాళ్లు సందులు తడి ఆరేట్టు గంటకోసారి బయటికి వచ్చి తుడుచుకోండి. తడి సిమెంటు దగ్గర పనిచేసేవాళ్లకు ఇంకో మాట: తడి సిమెంటు సున్నంలా చర్మాన్ని కాల్చేస్తుంది. స్పర్శ ఉన్నవాళ్లకే ఆ మంట ఆలస్యంగా తెలుస్తుంది, లేనివాళ్లకు అసలు తెలియదు. గంబూట్లు లేకుండా అందులో దిగొద్దు. గుడిలో ప్రదక్షిణలు చేసేవాళ్లు పొద్దున్నే చేయండి, మట్టపల్లి నరసింహస్వామికి మధ్యాహ్నపు బండల మీదే తిరగాలన్న పట్టింపేమీ ఉండదు.

బొబ్బ కనబడితే ఏం చేయాలి? గుచ్చొద్దు. పైన ఉన్న పలచటి తోలే దానికి మంచి కట్టు. శుభ్రమైన నీళ్లతో కడిగి, ఒత్తి, పొడి గాజుగుడ్డ వదులుగా కట్టి, ఆ బొబ్బకు కారణమైన చెప్పు పక్కన పెట్టి, ఆ రోజో మర్నాడో దవాఖానకు వెళ్లండి. పసుపు, సున్నం, ఆకు పసరు పెట్టొద్దు. వాటి రంగు కింద పుండు ముదిరేది కనబడదు, పైగా మురికి చేరుతుంది. కాపడం అసలు వద్దు. ఆనెను బ్లేడుతో కోయొద్దు, మెడికల్ షాపులో దొరికే ఆనె పట్టీలు అంటించొద్దు. ఆ పట్టీలోని యాసిడ్ ఆనెతో పాటు మంచి చర్మాన్నీ తింటుంది. పుండు చుట్టూ వాపు పాకుతున్నా, చీము, వాసన, జ్వరం ఉన్నా, వేలు నల్లబడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఏరియా ఆస్పత్రికో, సూర్యాపేట ప్రభుత్వ ఆస్పత్రికో బయల్దేరండి. పుండు లేకుండానే పాదమంతా ఉన్నట్టుండి వాచి వేడెక్కితే దాన్ని బెణుకు అనుకోవద్దు. స్పర్శ లేని పాదంలో ఎముకలు లోపలే విరిగి చితుకుతున్నప్పుడు కూడా అట్లాగే ఉంటుంది. అప్పుడు ఒక్క అడుగు కూడా ఆ కాలి మీద వేయొద్దు.

"షుగరు ఇప్పుడు కంట్రోల్‌లోనే ఉంది కదా, ఇదంతా ఎందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. కంట్రోల్ మంచిదే, నరాలు ఇంకా చెడకుండా ఆపుతుంది. పోయిన స్పర్శను మాత్రం చాలావరకు వెనక్కి తేదు. అందుకే రిపోర్టు బాగున్న నెలలో కూడా చూడాలి, తాకాలి, తేడా ఉంటే ఆపాలి. రోజూ చెప్పు తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి, తిప్పి అడుగు కూడా చూడండి. హవాయి చెప్పు అడుగున విరిగిన తుమ్మముల్లు లోపలికి చొచ్చుకొచ్చి ఉంటే చేతికి గుచ్చుకుంటుంది, కాలికి గుచ్చుకోదు. దవాఖానకు వెళ్లినప్పుడు డాక్టరు అడిగినా అడగకపోయినా చెప్పులు విడిచి పాదాలు చూపించండి. రోజూ వేసుకునే చెప్పుల జత కూడా చేత్తో పట్టుకెళ్లి చూపించండి. అట్ట ఎక్కడ అరిగి గుంట పడిందో, అరికాలిలో బరువు ఎక్కడ పడుతుందో దాన్ని చూసి డాక్టరు చెప్పగలరు.